ఆరు వారాల్లో ఎనిమిది వందల గ్రాములు సరిపోతాయా?

ప్రశ్న: అక్కా, మా ఆయనకి 38 ఏళ్ళు. ఊపిరితిత్తుల టీబీ అని తేలి మందులు మొదలుపెట్టి ఆరు వారాలైంది. ఎత్తు 168 సెంటీమీటర్లు. మొదటిరోజు బరువు 46 కిలోలు, రెండో వారం 45.6, నాలుగో వారం 46.4, నిన్న 46.8. క్లినిక్‌లో పెరుగుతున్నాడుగా మంచిదే అన్నారు. కానీ జబ్బుకి ముందు 58 ఉండేవారు, చొక్కాలన్నీ ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. అసలు ఎప్పటికి ఎంత పెరగాలి? ఇంట్లో సంపాదన ఆగిపోయి మూడు నెలలు. ఎవరడిగినా "బాగానే తింటున్నా" అంటారు గానీ పిల్లలు తిన్నాకే ఆయన కూర్చుంటారు. అప్పు చేసైనా ప్రోటీన్ పౌడర్ కొనమంటారా?

సమాధానం: పౌడర్ డబ్బా సంగతి కాసేపు పక్కన పెట్టండమ్మా, దాని దగ్గరికి మనమే వస్తాం. ముందు మీరు రాసిన నాలుగు బరువుల్ని సరిగ్గా చదువుదాం, ఎందుకంటే అందులోనే సగం సమాధానం ఉంది, రెండో సగం మీ ఉత్తరం చివర్లో పిల్లలు తిన్నాకే కూర్చుంటారు అన్న ముక్కలో ఉంది.

బరువు ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు. 46 కిలోలంటే పొట్టి మనిషికి ఫర్వాలేదు, పొడుగు మనిషికి ప్రమాదం. అందుకే ఎత్తుతో కలిపి బీఎంఐ తీస్తాం, బరువు కిలోల్లో తీసుకుని ఎత్తు మీటర్లలో రెండుసార్లు భాగించడమే, ఇంకేం లెక్క లేదు. మీ ఆయనకి 46 ని 1.68 తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్ళీ 1.68 తో ఒకసారి భాగిస్తే 16.3 వస్తుంది. పెద్దవాళ్ళలో 18.5 కంటే తక్కువుంటే బరువు తక్కువ, 17 కి కిందైతే మధ్యరకం పోషణలోపం, 16 కి కిందైతే తీవ్రం. అంటే మందులు మొదలుపెట్టేనాటికి ఈయన తీవ్రం అనే గీతకి ఒక్క అడుగు పైన ఉన్నారు. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, ఆ గీత ఎక్కడుందో కిలోల్లో తెలిస్తే మీకే పనికొస్తుందని చెప్తున్నా: ఈయన ఎత్తుకి బీఎంఐ 16 అంటే 45.2 కిలోలు. రెండో వారం 45.6 కి దిగారు చూశారా, గీతకి నాలుగు వందల గ్రాముల దూరం దాకా వెళ్ళి వెనక్కొచ్చారన్నమాట.

ఇంకో కొలత కూడా ఉంది, అది మీరే ఇచ్చారు, క్లినిక్ కార్డులో చాలామందికి ఉండదు. జబ్బుకి ముందు 58. అందులోంచి 12 కిలోలు పోయాయి, అంటే తన ఒంట్లో అయిదో వంతు. ఆరు నెలల్లోపు పదో వంతు పోతేనే మేం పెద్ద నష్టంగా రాసుకుంటాం. బీఎంఐ ఇప్పుడు ఎక్కడున్నారో చెప్తుంది, ఈ లెక్క ఎంత స్పీడుగా కిందకొచ్చారో చెప్తుంది, రెండూ కావాలి. బాగా లావుగా ఉండే మనిషి టీబీతో 15 కిలోలు తగ్గి బీఎంఐ 22 దగ్గర ఆగితే కార్డులో నార్మల్ అని పడుతుంది, కండ మాత్రం కరిగిపోయే ఉంటుంది. అలాంటివాళ్ళు మా కంటి ముందే జారిపోతుంటారు, అందుకే నేనైతే ఎవరొచ్చినా ముందు మీ మామూలు బరువెంత అని అడుగుతా, తెలీదంటే పాత ప్యాంటు నడుము సైజు అడుగుతా, బెల్టుకి కొత్త కన్నం ఎక్కడ పెట్టారో చూపించమంటా.

సరే, ఎంత పెరగాలి. దీనికి ఒక్క టార్గెట్ పెట్టుకుంటే దెబ్బతింటాం, మూడు మెట్లు పెట్టుకోవాలి.

మొదటి మెట్టు రెండు నెలలకి. మొదటిరోజు బరువు మీద అయిదు శాతం. 46 కి అయిదు శాతం 2.3, అంటే ఎనిమిదో వారం చివరికి 48.3. ఈ అయిదు శాతం ఎవరో గాల్లో పెట్టిన అంకె కాదు. ఝార్ఖండ్‌లో రేషన్స్ అనే పెద్ద ట్రయల్ జరిగింది, ఫలితాలు 2023లో వచ్చాయి, 2800 మంది టీబీ పేషెంట్లకి మందులతో పాటు నెలనెలా ఆహారం ఇచ్చి బరువులు చూశారు. రెండు నెలల్లో అయిదు శాతం పెరిగినవాళ్ళలో చనిపోయే రిస్కు 61 శాతం తక్కువ కనిపించింది. అంతకుముందు 2006లో అమెరికా నుంచి వచ్చిన ఒక స్టడీలో కూడా, మొదలుపెట్టేటప్పుడే బరువు తక్కువున్నవాళ్ళు మొదటి రెండు నెలల్లో అయిదు శాతం దాటకపోతే వాళ్ళకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువ అని తేలింది. అయితే ఇక్కడొక మెలిక ఉంది, బరువు పెరగడం వల్లే బతికారా, లేక మందు బాగా పనిచేసినవాళ్ళు ఎటూ బరువు పెరుగుతారు కాబట్టి అలా కనిపించిందా అన్నది పూర్తిగా విడదీయలేం, రెండూ ఉంటాయి. కాబట్టి అయిదు శాతాన్ని పరీక్ష పాస్ మార్కులా చూడకండి, దాటకపోతే "ఎందుకు" అని అడగాల్సిన గంటలా చూడండి.

రెండో మెట్టు నార్మల్‌లో అడుగుపెట్టడం, బీఎంఐ 18.5. ఈయన ఎత్తుకి అది 52.2 కిలోలు. రెండు నెలలకి 48.3 చేరితే మిగతా నాలుగు నెలల్లో నెలకి దాదాపు కిలో చొప్పున అక్కడికి వెళ్ళొచ్చు. ఆరు నెలల కోర్సు అయ్యేసరికి చేరితే చాలా బాగున్నట్టు, చేరకపోయినా గ్రాఫు పైకే ఉంటే కంగారు లేదు, కోర్సు అయ్యాక కూడా పెరుగుతూనే ఉండాలి.

మూడోది గమ్యం. బీఎంఐ 21 దగ్గర లెక్కేస్తే 59 కిలోలు, చూడండి మీరు చెప్పిన పాత 58 కి ఎంత దగ్గరగా వచ్చిందో. ఇది ఈ ఏడాది టార్గెట్ కాదు, తిండి లెక్క కట్టడానికి వాడే అంకె. అది కింద చెప్తా.

ఇప్పుడు మీ నాలుగు బరువులు. ఆరు వారాల్లో 800 గ్రాములు, అంటే 1.7 శాతం. ఎనిమిది వారాల్లో 2.3 కిలోలు కావాలంటే వారానికి దాదాపు 290 గ్రాములు పడాలి, ఆరు వారాలకి కిలో ముప్పావు దగ్గర ఉండాల్సింది. సగం కూడా లేదు. అదీగాక 800 గ్రాముల్లో ఎంత నిజం అనేది కూడా ప్రశ్నే, ఎందుకంటే నీళ్ళు తాగొచ్చి ఎక్కితే, ఫోనూ తాళాలూ జేబులో ఉంటే, బాత్రూంకి వెళ్ళకుండా ఎక్కితే అరకిలో తేడా ఇట్టే వచ్చేస్తుంది. కాబట్టి పెరుగుతున్నారు అన్న మాట అబద్ధం కాదు గానీ దాంతో ఊరుకోవడం మాత్రం తప్పు. రెండో వారం తగ్గినదాని గురించి ఎక్కువ ఆలోచించకండి, మొదటి రెండు మూడు వారాలు జ్వరం ఇంకా ఉంటుంది, మందులకి కడుపు తిప్పుతుంది, కొంచెం తగ్గి తర్వాత ఎత్తుకోవడం చాలామందిలో చూస్తాం. నాకు అనుమానంగా ఉన్నది నాలుగో వారం తర్వాతది. అప్పటికి ఆకలి తిరిగొచ్చి గ్రాఫు నిటారుగా లేవాల్సిన టైము, ఈయనది రెండు వారాల్లో 400 గ్రాముల దగ్గరే నడుస్తోంది.

బరువు చూసే పద్ధతి కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తా. ప్రతిసారీ ఒకే మెషిన్, గట్టి నేల మీద, ఎక్కేముందు సున్నా చూపిస్తోందో లేదో చూసి, పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చి ఏమీ తినకముందు, చెప్పులు లేకుండా పలచని బట్టలతో. వారానికి ఒక్కసారి చాలు, రోజూ ఎక్కితే మనసు పాడవడం తప్ప ఉపయోగం లేదు. తేదీతో సహా రాయండి, ఇంట్లో మెషిన్ లేకపోతే క్లినిక్‌లోదే వాడండి గానీ ఈ వారం ఒకచోట వచ్చే వారం ఇంకోచోట వద్దు. ఇంకొకటి, పాదాల మీద చీలమండ పైన బొటనవేలితో గట్టిగా కొన్ని సెకన్లు నొక్కి వదలండి, గుంట అలాగే ఉండిపోతే వాపు ఉన్నట్టు, అప్పుడు మెషిన్ చూపించేది ఒళ్ళు కాదు నీరు. ఒక్కవారంలో హఠాత్తుగా రెండు కిలోలు పెరిగితే సంతోషపడేముందు ఈ పని చేయండి. వాపు ఉంటే డాక్టరుకి చెప్పాలి, పోషణ చూడ్డానికి అప్పుడు పైచేయి మధ్యలో టేపుతో చుట్టుకొలత తీసి దాన్నే ప్రతినెలా పోల్చుకోవడం నయం.

సరే, అసలు విషయానికొద్దాం, బరువు ఎందుకు లేవట్లేదు. దీనికి నాలుగు దారులే ఉన్నాయి నా లెక్కలో. తిండి ఇంటికే రావట్లేదు, వచ్చింది ఈయన నోట్లోకి వెళ్ళట్లేదు, వెళ్ళింది ఒంట్లో నిలవట్లేదు, లేదా నిలిచింది జబ్బు కాల్చేస్తోంది. చాలాచోట్ల వెంటనే నాలుగోదానికి వెళ్ళిపోతారు, టెస్టులు రాస్తారు. టెస్టులు కావాల్సిందే, కానీ మొదటి రెండూ అడగడానికి పైసా ఖర్చు లేదు, అయినా వాటిని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా "బాగా తింటున్నారా" అని అడుగుతారు, దానికి మన మగవాళ్ళెవరైనా లేదు అని చెప్తారా చెప్పండి, అది ప్రశ్న కాదు పలకరింపు.

తిండి కొరత అడగడానికి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ వాళ్ళు ఎనిమిది ప్రశ్నల పద్ధతి ఒకటి తయారుచేశారు, అన్నీ అవును కాదు ప్రశ్నలే. మామూలుగా గత ఏడాది గురించి అడుగుతారు, 30 రోజుల మీద అడిగే రకం కూడా ఉంది, టీబీ పేషెంటుకి నేను 30 రోజులదే వాడతా ఎందుకంటే మూడు నెలల కిందటి సంగతితో మనకి ఇప్పుడు పని లేదు. ప్రతి ప్రశ్నకీ ముందు "డబ్బు లేక, వేరే దారి లేక" అన్న మాట తప్పకుండా ఉండాలి, అది లేకపోతే ఆకలి లేక తిననిదీ డబ్బు లేక తిననిదీ కలిసిపోతాయి, టీబీలో ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి మరి.

ఆ ఎనిమిదీ ఒక వరసలో ఉంటాయి, తేలిక నుంచి బరువుకి. ఇంట్లో తిండికి సరిపోదేమో అని బెంగపడ్డారా. ఒంటికి మంచిదైన తిండి తినలేకపోయారా. రోజూ ఒకటి రెండు రకాలతోనే సరిపెట్టుకున్నారా. ఒకపూట మానేశారా. తినాల్సినదానికంటే తక్కువ తిన్నారా. ఇంట్లో తినడానికి ఏమీ లేకుండా అయిపోయిందా. ఆకలేసినా తినకుండా ఉండిపోయారా. రోజంతా ఏమీ తినకుండా గడిచిందా. మొదటి మూడింటికే అవును అంటే బెంగ, నాసిరకం తిండి ఉన్నాయని, పొట్ట మాత్రం నిండుతోందని. నాలుగూ అయిదూ దగ్గరికి వచ్చేసరికి పరిమాణం తగ్గిపోతోంది. చివరి మూడింట్లో ఏ ఒక్కటి అవును అన్నా నాకు అది జ్వరం 103 చూపించినట్టే, అక్కడ పోషకాహార సలహాలు చెప్తూ కూర్చోవడం సిగ్గుచేటు, ముందు తిండి ఏర్పాటు జరగాలి. ఈ ప్రశ్నలు పెద్ద సర్వేల కోసం తయారైనవి కాబట్టి ఒక మనిషి మార్కు నాలుగా అయిదా అని తూకం వేసుకోనక్కర్లేదు, గీత ఎక్కడ దాటారు, పోయిన నెలకీ ఈ నెలకీ ఎటు కదిలారు అన్నదే చూడాలి.

మీరు రాసినదాన్ని బట్టి అయిదో ప్రశ్నకి జవాబు నాకు తెలిసిపోయినట్టే ఉంది. కానీ మీరే అడగాలి, అడిగే తీరు ముఖ్యం. పిల్లల ముందు వద్దు, భోజనం దగ్గర అసలు వద్దు. "మీరు తినట్లేదు" అని మొదలుపెట్టకండి, అది నేరం మోపినట్టు ఉంటుంది, "మనింట్లో ఈ నెలలో" అని మొదలుపెట్టి ముందు మీ జవాబు మీరు చెప్పండి. నేను ఫలానా రోజు ఆకలేసినా ఊరుకున్నా అని మీరంటే ఆయన నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. మీ జవాబు కూడా నాకు కావాలి నిజానికి, ఉత్తరంలో పిల్లలు తిన్నాక ఆయన అన్నారు, ఆయన తిన్నాక ఎవరో రాయలేదు.

ఒక కేసు చెప్తా. ఒకాయన మొదటి నెల కిలోన్నర పెరిగారు, రెండో నెల ఆగిపోయింది. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారు, దగ్గు తగ్గింది, కఫం పరీక్షలో క్రిములు లేవు, షుగర్ లేదు. ఆయనకి సాయంగా నెలనెలా తిండి సరుకులు అందుతున్నాయి, రోజుకి 1200 కేలరీల చొప్పున లెక్కేసి ఇచ్చినవి. అందుకే మాకెవరికీ తిండి మీద అనుమానం రాలేదు, నాతో సహా. చివరికి నిన్న పొద్దున లేచినప్పటినుంచి పడుకునేదాకా ఏం తిన్నారో గిన్నె గిన్నె లెక్కన చెప్పించుకుంటే తేలింది, ఆ సరుకులు అయిదుగురు ఉన్న ఇంట్లో ఒకే గిన్నెలో వండుతున్నారు. 1200 ని అయిదుతో భాగిస్తే 240. మేం కార్డులో 1200 అని రాసుకున్నాం, ఆయన ఒంట్లోకి 240 వెళ్ళింది. అందులో తప్పెవరిది, ఇంటిపెద్ద పిల్లల ముందు తనొక్కడే ఎలా తింటాడు. మొదటి నెల ఎందుకు పెరిగారంటే అప్పటికి ఇంట్లో కాస్త నిల్వ ఉంది, అది అయిపోయింది. అప్పటినుంచి సాయం అందుతోందా అని అడగడం మానేసి గిన్నె చుట్టూ ఎంతమంది కూర్చుంటున్నారు అని అడుగుతున్నా. ఇంటిల్లిపాదికీ సరిపడా సాయం రాబట్టడమే దానికి మందు, అవతలివాళ్ళ నోటి దగ్గరది లాగి ఈయనకి పెట్టడం కాదు, పైగా ఒకే ఇంట్లో ఉండి గాలి పంచుకునేవాళ్ళు బక్కచిక్కితే వాళ్ళకీ టీబీ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ రేషన్స్ ట్రయల్‌లోనే ఇంట్లోవాళ్ళకి కూడా ఆహారం ఇచ్చిన కుటుంబాల్లో కొత్త కేసులు దాదాపు 40 శాతం తగ్గాయి. కాబట్టి మీ పిల్లల బరువులు, మీ బరువు కూడా ఆ పుస్తకంలోనే రాయండి.

ఇప్పుడు మీ ఆయనకి ఎంత తిండి కావాలో లెక్క. గమ్యం బరువు 59 అనుకున్నాం కదా, దానికి కిలోకి 40 కేలరీల చొప్పున 2360, అంటే రోజుకి 2400 దగ్గర. ప్రోటీను కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 70 నుంచి 90 గ్రాముల మధ్య. ఒక రోజు తిన్నది మొత్తం పైన చెప్పినట్టు గిన్నెలతో, చెంచాలతో రాసి తీసుకెళ్తే డైటీషియన్ పది నిమిషాల్లో కేలరీలు కట్టేస్తారు. సెలవురోజుదీ చుట్టాలొచ్చిన రోజుదీ కాకుండా మామూలు రోజుది రాయండి, నెల మొదట్లో ఒకటి నెలాఖరులో ఒకటి రాస్తే ఇంకా మంచిది, చాలా ఇళ్ళలో ఆ రెండు రోజులకీ పొంతనే ఉండదు.

పౌడర్ సంగతి ఇక్కడొస్తుంది. ఒంటికి ముందు కావాల్సింది నిప్పుకి కట్టెలు. మొత్తం కేలరీలే తక్కువైతే మీరు పోసిన ప్రోటీనుని కూడా ఒళ్ళు కట్టెల్లా కాల్చేస్తుంది, కండ కట్టదు, టీబీలో మొదట్లో ఈ గుణం ఇంకా ఎక్కువ. అంటే అప్పుచేసి కొన్న ఖరీదైన ప్రోటీను పొయ్యిలోకి పోయినట్టే. వారానికి 300 గ్రాములు పెరగాలంటే ఇప్పుడు తినేదానికి పైన రోజుకి సుమారు 300 కేలరీలు అదనంగా పడాలి, ఇది ముతక లెక్కే గానీ అంచనాకి చాలు. రెండు పెద్ద చెంచాల నూనె అంటేనే 240 కేలరీలు, వండినదాంట్లో పైన కలిపేస్తే పొట్టకి బరువు అనిపించదు. గుడ్డుకి ఆరు గ్రాముల ప్రోటీను. పాలు, పప్పులు, పల్లీలు, గుడ్లు, మీరు తినేవాళ్ళయితే చేప, మాంసం, వీటిల్లో మీకు ఏది తక్కువలో దొరికితే అది. మూడుపూటలా నిండా తినలేకపోతే ఆరుసార్లు కొంచెం కొంచెం. డబ్బా కొనొద్దు, అప్పు అస్సలు చేయొద్దు, ఆ అప్పు తీర్చేది మళ్ళీ తిండి డబ్బులోంచే.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. బీఎంఐ 16 కి కింద ఉండి, పది రోజులుగా సరిగ్గా ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా నిండా పెట్టకూడదు, రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం లాంటి లవణాలు పడిపోయి గుండెకే ప్రమాదం వస్తుంది, వాళ్ళని ఆసుపత్రిలో ఉంచి మెల్లగా పెంచుతారు. మీ ఆయన రోజూ ఎంతోకొంత తింటూనే ఉన్నారు, ఆ గీతకి పైనే ఉన్నారు, కాబట్టి కొంచెం కొంచెంగా వారంలో పెంచుకుంటూ పోవచ్చు.

మూడో దారి, తిన్నది నిలవకపోవడం. వాంతులు, విరేచనాలు ఉన్నాయా చూడండి. రిఫాంపిసిన్ పరగడుపున బాగా పడుతుంది, అందుకే ఖాళీ కడుపుతో వేసుకోమంటారు, కానీ ఇంట్లో తిండి లేని మనిషికి ఖాళీ కడుపుతో నాలుగు మాత్రలు మింగితే కళ్ళు తిరిగి ఆకలి మండిపోతుంది, పేగులు పిండేసినట్టుంటుంది, అప్పుడు ఆ బాధ పడలేక మాత్రే మానేస్తారు. ఇది బయటకి చెప్పరు. తిండి కొరత అంటే బరువు ఒక్కటే కాదు, మందు కూడా ఆగిపోతుందని చెప్పేది ఇందుకే. బాగా తిప్పుతుంటే కొద్దిగా తిని వేసుకోవచ్చు, మానేయడం కంటే అది వెయ్యిరెట్లు నయం, ఆ మాట క్లినిక్‌లో అడిగి ఖాయం చేసుకోండి. వాంతులు ఆగకపోయినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురుగా కాఫీరంగులోకి మారినా మాత్రం ఆరోజే వెళ్ళాలి, అది లివర్. మూత్రం, చెమట నారింజరంగులో ఉండటం వేరు, అది రిఫాంపిసిన్ రంగే, దానికి భయం లేదు.

నాలుగోది డాక్టరు చూడాల్సింది, మీరు అడిగి చేయించాల్సింది. ఎనిమిదో వారం కఫం పరీక్ష చేయించి రిజల్టు ఏమొచ్చిందో అడగండి. షుగర్ చూశారా, ఎందుకంటే తెలియని షుగర్ ఉంటే ఎంత తిన్నా బరువు నిలవదు, పైగా రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల బలం తగ్గించేస్తుంది. హెచ్ఐవీ పరీక్ష అయిందా. మందుకి లొంగని రకం కాదని మొదట్లో తేల్చారా. బరువు తక్కువగా ఉన్న పేషెంటు రెండు నెలలకీ నార్మల్‌కి రాకపోయినా, మధ్యలో తగ్గుతున్నా, మందులు సరిగ్గా పడుతున్నాయా, వేరే జబ్బు ఏమైనా ఉందా అని వెతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లోనే ఉంది, కాబట్టి మీరడిగితే ఎక్కువ చేస్తున్నట్టేమీ కాదు. బరువు పెరిగింది కాబట్టి జబ్బు తగ్గింది అనీ అనుకోవద్దు, మొదట్లో పట్టేదాంట్లో కొవ్వు పాలే ఎక్కువ, కండ మెల్లగా వస్తుంది, క్రిమి పోయిందో లేదో చెప్పేది కఫం పరీక్షే.

చాలామంది మర్చిపోయేది ఇంకోటి, మాత్రల డోసు బరువుని బట్టి ఉంటుంది. చార్టుని బట్టి ఒకచోట గీత 50 కిలోల దగ్గర ఉంటుంది, ఇంకోచోట 55 దగ్గర. మీ ఆయన 50 దాటగానే డోసు మార్చాలా అని అడగండి, మొదటిరోజు రాసిన డోసుతోనే ఆరు నెలలూ లాగించేసే కేసులు చూశాను.

ఇంకో రెండు వారాలుంది ఎనిమిదికి. నిజం చెప్పాలంటే 48.3 చేరడం కష్టమే, ఆ మిగిలిన కిలోన్నర పద్నాలుగు రోజుల్లో రావడం అరుదు. 47.5 దాకా వచ్చి వారం వారం పైకే ఉంటే నేనైతే తిండి సరిచేసి, పై పరీక్షలు చూసుకుని ఇంకో నెల ఆగుతా. 47 దగ్గరే నిలబడిపోతే ఆగొద్దు, ఎనిమిది ప్రశ్నల జవాబులు, ఒక రోజు తిండి చీటీ, వారాల బరువులు మూడూ తీసుకుని వెళ్ళి డాక్టరుతో పాటు సోషల్ వర్కర్ని కూడా కలవాలి అని చెప్పండి. 45.2 కి తగ్గినా, నిలబడలేకపోతున్నా, రెండు రోజులుగా ఏమీ లోపలికి వెళ్ళకపోయినా అపాయింట్‌మెంట్ దాకా ఎదురుచూడకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈ వారం చేయాల్సింది మాత్రం ఒకటే, ఒకరోజు అందరూ కలిసి కూర్చుని తినండి, ఆయన కంచంలో ఎంత పడింది, గిన్నెలో చివరికి మీకెంత మిగిలింది చూసి రాసి పంపండి. బరువు పుస్తకం ఫోటో కూడా పెట్టండి, ఇద్దరిదీ.